పదిహేను కిలోమీటర్ల పైపు, చివరి ఊరు

నేను చేసే పని పైపులు వేయించడం. డిప్లొమా అయిన దగ్గర్నుంచి కాంట్రాక్టర్ల దగ్గర సైటు సూపర్‌వైజరుగా ఉన్నాను. పెడన, గూడూరు, బందరు వైపు ఊళ్ళకు మంచినీళ్ళ లైను వేయాలంటే, ముందుగా టేపు పట్టుకుని కాలువ గట్ల వెంట నడిచేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే డిసెంబరు 22న జరిగే గణిత దినోత్సవానికి తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి "ఊళ్ళన్నిటినీ కలపడానికి అతి తక్కువ పైపు ఎంత?" అనే ప్రాజెక్టు తెచ్చుకున్నప్పుడు, ఇంట్లో అందరూ నా వైపే చూశారు. ఆ పది రోజులూ మా ఇంట్లో జరిగిన లెక్కను తోటి తల్లిదండ్రుల కోసం రాయమని టీచరు గారు అడిగారు. ఇది అదే.

ముందు, వేరే జిల్లాల నుంచి ఉద్యోగాల మీద ఇటు వచ్చిన పేరెంట్స్ కోసం ఒక మాట. చుట్టూ ఇన్ని కాలువలు, ఇంత పచ్చటి చేలు చూసి, ఇక్కడ నీళ్ళకేం కొదవ అనుకుంటారు. కానీ సముద్రం దగ్గర కావడంతో చాలా ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. తాగడానికి పనికొచ్చేది కృష్ణ నీళ్ళే. అవి విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువల్లోకి మళ్ళి ఇంత దూరం వస్తాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేసే లోపల చెరువులు నింపుకోవాలి, మళ్ళీ కాలువ వదిలేదాకా ఆ నీళ్ళే వాడుకోవాలి. మా అమ్మ చిన్నప్పుడు బిందె చంకన పెట్టుకుని చెరువుకి వెళ్ళడం రోజుకి రెండు పూటలా ఉండే పని. ఇప్పుడు చాలా చోట్ల ఒక పెద్ద చెరువు దగ్గర ఇసుక ఫిల్టర్లు, ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టి, అక్కణ్ణుంచి చుట్టుపక్కల ఊళ్ళకు పైపు వేస్తున్నారు. ఆ పైపు ఏ ఊరి మీదుగా ఏ ఊరికి పోవాలన్నదే లెక్క.

లెక్క కోసం మా అమ్మాయి ఊళ్ళను తనే తయారు చేసుకుంది. మా అమ్మ ఒకప్పుడు కలంకారీ అద్దకం పనికి వెళ్ళేది. అటక మీద అరిగిపోయిన చెక్క అచ్చులు కొన్ని ఉన్నాయి. వాటిని దించి, అట్ట మీద ఐదు బొమ్మలు అద్ది, వాటి పేర్లే ఊళ్ళకు పెట్టింది: నెమలి, చిలక, తామర, మామిడి, హంస. ఆరో గుర్తు ట్యాంకు. మధ్యలో ఒక నీలం గీత గీసి, అది పెద్ద డ్రెయిన్ అంది. ట్యాంకు, నెమలి, చిలక డ్రెయిన్‌కు ఇవతల. తామర, మామిడి, హంస అవతల. ఇవి నిజం ఊళ్ళు కావు, దూరాలు కూడా లెక్కకు వేసుకున్నవే. కానీ పైపు వేయడానికి వీలున్న దారులు మన దగ్గర ఎలా ఉంటాయో అలాగే వేసుకున్నాం.

ట్యాంకు – నెమలి: 3 కి.మీ.
ట్యాంకు – చిలక: 4
ట్యాంకు – హంస: 8
నెమలి – చిలక: 2
నెమలి – తామర: 5
చిలక – తామర: 6
చిలక – మామిడి: 7
తామర – మామిడి: 2
తామర – హంస: 4
మామిడి – హంస: 3

ఇక్కడొక సంగతి. పిల్లలు మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలుస్తారు. అది పక్షికి సరిపోయే దూరం. మన వైపు డ్రెయిన్‌కు ఈ గట్టు మీద ఒక ఊరు, ఆ గట్టు మీద ఒక ఊరు ఉంటాయి. ఇక్కణ్ణుంచి కేక వేస్తే అక్కడ వినిపిస్తుంది. పైపు మాత్రం వంతెన దాకా వెళ్ళి తిరిగి రావాలి. రైతు చేలో నుంచి అడ్డంగా తీసుకుపోలేం కదా. అందుకని రోడ్డు వారగానో గట్టు వెంటో కొలిచిన దూరమే వేసుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త తప్పితే తర్వాత ఎంత గొప్ప పద్ధతి వాడినా జవాబు కాగితం మీదే ఉండిపోతుంది.

అమ్మాయి మొదటి ప్రయత్నంలో ట్యాంకు దగ్గర్నుంచి ఏ ఊరికి ఆ ఊరికి విడి పైపు వేసింది. 33 కిలోమీటర్లు వచ్చింది. "నెమలికి వెళ్ళే పైపు, తామరకి వెళ్ళే పైపు ఒకే గట్టు మీద పక్కపక్కన పోతున్నాయి కదా, రెండెందుకు?" అని వాళ్ళ నానమ్మ అడిగింది. నిజమే. ఉమ్మడిగా పోయే చోట ఒకే పైపు ఉంచి, ప్రతి ఊరికీ ట్యాంకు నుంచి అతి దగ్గర దారి ఉండేలా రెండో బొమ్మ గీసింది. ట్యాంకు నుంచి నెమలికి 3, చిలకకి 4, హంసకి 8. నెమలి నుంచి తామరకి 5, తామర నుంచి మామిడికి 2. మొత్తం 22.

"ఇంతకంటే తగ్గదు నాన్నా. అందరికీ దగ్గర దారే ఇచ్చేశాను."

"దగ్గర దారి వేరమ్మా, తక్కువ పైపు వేరు," అన్నాను.

ఈ తేడా పెద్దవాళ్ళకు కూడా వెంటనే పట్టుబడదు. ఒక్కొక్క ఊరికీ దగ్గర దారి చూడటం ఒక లెక్క. అందరినీ కలపడానికి మొత్తం మీద ఎంత పైపు పడుతుందో చూడటం ఇంకో లెక్క. ఈ రెండోదాన్ని గణితంలో మినిమమ్ స్పానింగ్ ట్రీ అంటారు. ట్రీ అంటే చెట్టే. చెట్టు కొమ్మలు విడిపోతాయి గానీ మళ్ళీ చుట్టు తిరిగి కలుసుకోవు. పైపు కూడా అంతే. ఎక్కడైనా చుట్టు తిరిగి కలిసిందంటే, ఆ చుట్టులోంచి ఒక ముక్క తీసేసినా అన్ని ఊళ్ళకూ నీళ్ళు వెళ్తూనే ఉంటాయి. అంటే ఆ ముక్క పైపు మిగిలినట్టే. అందుకని ఆరు చుక్కలను కలపడానికి సరిగ్గా ఐదు ముక్కలు చాలు.

ఏ ఐదు? మన దగ్గర పది దారులున్నాయి. పదిలోంచి ఐదు ఎంచుకోవడానికి 252 రకాలు. ఓపికుంటే అన్నీ రాసి చూడొచ్చు. ఊళ్ళు ముప్పై అయితే ఆ ఓపిక ఎవరికీ చాలదు.

దీనికి పద్ధతి మొదట కనిపెట్టింది కంప్యూటర్ల వాళ్ళు కాదు. కరెంటు తీగలు లాగాల్సిన వాళ్ళ అవసరం నుంచి పుట్టింది. ఇప్పటి చెక్ దేశంలో మొరావియా అనే ప్రాంతం ఉంది. అక్కడ ఊళ్ళకు కరెంటు ఇస్తున్న రోజుల్లో, విద్యుత్ కంపెనీలో పనిచేసే ఒక స్నేహితుడు ఒటకార్ బొరూవ్కా అనే యువ గణిత శాస్త్రవేత్తను ఈ ప్రశ్న అడిగాడు. బొరూవ్కా 1926లో జవాబు అచ్చు వేశాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే క్రుస్కల్ పద్ధతి 1956లో, ప్రిమ్ పద్ధతి 1957లో వచ్చాయి. నాకు మాత్రం బొరూవ్కాదే ఇష్టం. ఎందుకంటే అది ఊళ్ళ వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నట్టే ఉంటుంది.

ఆయన పద్ధతి ఇది. ప్రతి ఊరూ తనకు అన్నిటికంటే దగ్గరున్న ఊరి వైపు చెయ్యి చాపుతుంది. చేతులు కలిసిన ఊళ్ళన్నీ ఒక జట్టు అవుతాయి. తర్వాత ప్రతి జట్టూ తనకు దగ్గరున్న ఇంకో జట్టు వైపు చెయ్యి చాపుతుంది. అలా ఒకే జట్టు అయ్యేదాకా.

మా అట్ట మీద చేసి చూడండి. ట్యాంకుకు దగ్గర నెమలి, 3. నెమలికి దగ్గర చిలక, 2. చిలకకు దగ్గర నెమలే, అదే 2. తామరకు దగ్గర మామిడి, 2. మామిడికి తామర, అదే 2. హంసకు దగ్గర మామిడి, 3. మొదటి విడతలోనే రెండు జట్లు తేలాయి. డ్రెయిన్‌కు ఇవతల ట్యాంకు, నెమలి, చిలక. అవతల తామర, మామిడి, హంస. ఇక రెండో విడత. ఈ రెండు జట్ల మధ్య ఉన్న దారులు నాలుగు: 5, 6, 7, 8. అన్నిటికంటే చిన్నది నెమలి–తామర, 5. అయిపోయింది. 3, 2, 2, 3, 5 కలిపితే 15.

22 అనుకున్నది 15 అయ్యేసరికి అమ్మాయి నమ్మలేదు. అప్పుడప్పుడూ దగ్గరది చూసుకుంటూ పోతే చివర్లో దెబ్బ తినమని ఏం గ్యారంటీ అని అడిగింది. మంచి ప్రశ్న. చదరంగంలో అలా ఆడితే ఓడిపోతాం. ఇక్కడ ఎందుకు ఓడమో డ్రెయిన్ చూపించి చెప్పాను. అవతలి మూడు ఊళ్ళకు నీళ్ళు వెళ్ళాలంటే పైపు ఎక్కడో ఒక చోట డ్రెయిన్ దాటి తీరాలి. దాటే చోట్లు నాలుగే. ఎవరైనా 5 వదిలేసి 7 దగ్గర దాటారనుకో. ఆ 7 ముక్క తీసేస్తే ఊళ్ళు మళ్ళీ ఇటొక జట్టు, అటొక జట్టు అవుతాయి. ఆ రెంటినీ 5తో కలిపేయొచ్చు. అన్ని ఊళ్ళూ కలిసే ఉంటాయి, 2 కిలోమీటర్లు మిగులుతుంది. అంటే 7తో గీసిన బొమ్మ అతి తక్కువది కానేకాదు. డ్రెయిన్ బదులు అట్ట మీద ఎక్కడ గీత గీసి ఊళ్ళను రెండు భాగాలు చేసినా ఇదే మాట నిలుస్తుంది. ఆ గీతను దాటే దారుల్లో అతి చిన్నది తీసుకుంటే నష్టపోవడం ఉండదు.

తర్వాత తనే క్రుస్కల్ పద్ధతిలోనూ సరిచూసుకుంది. దారులన్నీ చిన్నదాని నుంచి పెద్దదాకా రాసుకుని, చుట్టు తిరిగి కలిసే దాన్ని మాత్రం వదిలేస్తూ పోవడమే. 2, 2, 3, 3 వరకు తీసుకుంది. 4 కి.మీ. దారులు రెండున్నాయి. ట్యాంకు–చిలక తీసుకుంటే ఇవతల చుట్టు పడుతుంది, తామర–హంస తీసుకుంటే అవతల చుట్టు పడుతుంది. రెండూ వదిలి 5 తీసుకుంది. మళ్ళీ 15.

ఇంట్లో పిల్లలతో బొరూవ్కా ఆట ఆడేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. మూడు ఊళ్ళు ఒకదానికొకటి సరిగ్గా ఒకే దూరంలో ఉంటే, మొదటిది రెండోదాని వైపు, రెండోది మూడోదాని వైపు, మూడోది మొదటిదాని వైపు చెయ్యి చాపి చుట్టు పడిపోవచ్చు. దూరాలు సమానమైనప్పుడు పేర్ల వరస ప్రకారం ముందున్న దారే తీసుకోవాలని ముందే ఒప్పందం పెట్టుకోవాలి.

ఇక్కడితో ప్రాజెక్టు అయిపోయినట్టే. స్కూలు అడిగింది ఇంతే. కానీ హంస ఊరు నన్ను వదల్లేదు.

కొన్నేళ్ళ కిందట ఒక లైను పనిలో, చివరి ఊరి రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి అడిగాడు. "బాబూ, చెరువు మా ఊరికి ఆ కనిపించే తాడిచెట్ల అవతలే. మీ పైపేమో ఊళ్ళన్నీ తిరిగి చివర్న మా దగ్గరికొస్తుంది. వాళ్ళందరూ పట్టుకున్నాక మాకేం మిగులుతుందయ్యా?" డెల్టాలో పుట్టినవాళ్ళకు ఈ ప్రశ్న కొత్త కాదు. కాలువ నీళ్ళ దగ్గర శివారు భూముల రైతు తరతరాలుగా అడుగుతున్నది ఇదే. పైవాళ్ళు తూములు మూయకపోతే శివారు చేను ఎండుతుంది.

మా అట్ట మీద చూడండి. ట్యాంకు నుంచి హంసకు దారి 8 కిలోమీటర్లే. 15 కిలోమీటర్ల చెట్టులో నీళ్ళు ట్యాంకు నుంచి నెమలి, తామర, మామిడి మీదుగా హంసకు చేరతాయి. 3, 5, 2, 3 కలిపితే 13. మొత్తం తక్కువ చేయమని అడిగాం, చేసింది. హంస సంగతి చూడమని లెక్కను ఎవరూ అడగలేదు.

దూరం పెరిగితే ఏమవుతుంది? పైపు గోడలకు నీళ్ళు రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడికి ఒత్తిడి తగ్గుతుంది. మెట్ట ప్రాంతాల్లో అయితే పల్లానికి పారుతూ కొంత ఒత్తిడి తిరిగి వస్తుంది. మన నేల బల్లపరుపు. ట్యాంకు ఎత్తు ఇచ్చిన ఒత్తిడి ఎంతో అంతే, దాన్నే ఐదు ఊళ్ళూ పంచుకోవాలి. పైపు పొడవు రెట్టింపైతే రాపిడి నష్టం రెట్టింపు. అదే పైపులో నీళ్ళు రెట్టింపు పోతే నష్టం మూడున్నర రెట్లు దాటుతుంది. అవే నీళ్ళను సగం వ్యాసం పైపులో పంపితే దాదాపు ముప్పై రెట్లు. ఈ చివరి అంకె మా అమ్మాయికి బాగా నచ్చింది. చార్టు మీద ఎర్ర ఇంకుతో రాసుకుంది.

అందుకే పైపు పని చేసేవాళ్ళం కిలోమీటర్లు ఒక్కటే చూడం. మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ లెక్క. ఊరికి రెండు వేల మంది అనుకుంటే, ఒక్కో ఊరికి లక్షా పది వేల లీటర్లు. ట్యాంకు నుంచి నెమలి దాకా ఉన్న మొదటి 3 కిలోమీటర్లలో ఐదు ఊళ్ళ నీళ్ళూ పోవాలి, అంటే ఐదున్నర లక్షల లీటర్లు. నెమలి దాటాక మూడు ఊళ్ళవి. మామిడి నుంచి హంసకు ఒక్క ఊరివి. కాబట్టి మొదటి ముక్క లావు పైపు, చివరి ముక్క సన్న పైపు. లావు పైపు మీటరు ధర సన్న పైపుకి చాలా రెట్లు ఉంటుంది. 15 కిలోమీటర్లు అన్నప్పుడు అన్ని కిలోమీటర్లూ ఒక ధరవి కావు.

ఇప్పుడు ఇంకో బొమ్మ గీద్దాం. మామిడి–హంస 3 తీసేసి, ట్యాంకు నుంచి హంసకు నేరుగా 8 వేద్దాం. మొత్తం 20 అవుతుంది. పైపు 5 కిలోమీటర్లు పెరిగింది. అయితే ఆ 8 కిలోమీటర్లలో పోయేది ఒక్క హంస నీళ్ళే, సన్న పైపు చాలు. నెమలి వైపు వెళ్ళే లైను మీద ఒక ఊరి బరువు తగ్గింది కనుక అక్కడ కూడా పైపు సైజు ఒక మెట్టు తగ్గొచ్చు. ట్యాంకుకు అన్నిటికంటే దూరంగా ఉన్న ఊరు ఇప్పుడు మామిడి, 10 కిలోమీటర్లు. మునుపు 13 ఉండేది. కిలోమీటర్లలో 15కీ 20కీ కనిపించిన తేడా రూపాయల్లోకి మారిస్తే అంత ఉండదు. ఎంత ఉంటుందనేది ఆ సంవత్సరం పైపు రేట్లు దగ్గర పెట్టుకుని వేసుకోవాల్సిందే. చెట్టు లెక్క చేయకుండా ఈ పోలిక మాత్రం కుదరదు. ఇంతకంటే తక్కువ పైపుతో ఎవరూ చేయలేరు అనే గీత ముందు గీసి పెట్టుకుంటేనే, దాని మీద ఎంత ఎక్కువ పెడుతున్నామో, ఎవరి కోసం పెడుతున్నామో కనిపిస్తుంది.

కేబుల్ సంగతి వేరు. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ కేబుల్ చాలా చోట్ల కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఐదు ఊళ్ళ ఇంటర్నెట్ పోయే చోట కేబుల్ ఐదు రెట్లు లావు కానక్కర్లేదు. వెంట్రుకంత సన్నటి పోగులు ఇంకొన్ని ఎక్కువ ఉంటే సరిపోతుంది. అందుకని పొడవు లెక్క కేబుల్‌కి బాగా అతుకుతుంది, పైపుకి సగమే అతుకుతుంది. బొరూవ్కాను అడిగింది కరెంటు వాళ్ళు, నీళ్ళ వాళ్ళు కాదు అని మా అమ్మాయి గుర్తుచేసింది.

మళ్ళీ హంసకు వద్దాం. చివరి ఊళ్ళో నీళ్ళు రాకపోతే కారణం రెండు రకాలు. ఒకటి, పై ఊళ్ళలో ఎక్కువ లాగేస్తున్నారు. కొందరు కుళాయికి మోటారు బిగించేస్తారు. రెండోది, దారిలో ఎక్కడో పైపు కారుతోంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేల్చుకోవడానికి చాలా తేలికైన పద్ధతి ఉంది. చివరి ఊరి పైపుకి ప్రెషర్ గేజి బిగించి, రాత్రి రెండు గంటలప్పుడు, అన్ని ఊళ్ళ వాల్వులూ కట్టేసి చూడాలి. నీళ్ళు కదలకపోతే రాపిడి లేదు. రాపిడి లేకపోతే నష్టం లేదు. ట్యాంకులో నీళ్ళ మట్టం నేలకి 15 మీటర్ల ఎత్తున ఉంటే, 13 కిలోమీటర్ల అవతలైనా సరే గేజి దాదాపు ఒకటిన్నర కేజీ చూపించాలి. చూపించిందంటే పైపు కారడం లేదు. పొద్దున్న పడిపోవడానికి కారణం వాడకం, లేదా దారిలో వాల్వు ఏదో సరిగా తెరుచుకోలేదు. అర్ధరాత్రి కూడా తక్కువే చూపిస్తే, ఎక్కడో కారుతోంది. అప్పుడు ఒక్కో ఊరూ వెనక్కి వస్తూ గేజి పెట్టి చూడాలి. వాడకమే కారణం అయితే మందు వంతులు. నెమలికి, చిలకకి ఒక పూట, అవతలి మూడింటికీ ఒక పూట, కాలువ నీళ్ళకు వంతులు పెట్టుకున్నట్టే.

పైపు పగిలితే మాత్రం వంతులు పనిచేయవు. చెట్టులో ఏ కొమ్మ విరిగినా దాని చివర ఉన్నవన్నీ ఎండుతాయి. మా అట్ట మీద డ్రెయిన్ దాటే ఆ 5 కిలోమీటర్ల ముక్క ఒక్కటి పోతే మూడు ఊళ్ళకు చుక్క ఉండదు. దీనికి విరుగుడు రింగు, అంటే చుట్టూ తిరిగి ట్యాంకుకే వచ్చేలా వేయడం. ఇందాక దండగ అని తీసేసిన చుట్టే ఇప్పుడు కావాల్సి వచ్చింది. 15 కిలోమీటర్ల చెట్టుకు ట్యాంకు–హంస 8 కలిపితే 23. అప్పుడు నాలుగు ఊళ్ళు రింగు మీద ఉంటాయి. చిలక మాత్రం నెమలి నుంచి వెళ్ళే కొమ్మ మీద ఉండిపోతుంది.

మా అమ్మాయి రెండు రోజులు ఆ చిలక మీదే కూర్చుంది. మూడో రోజు పొద్దున్న కాఫీ కూడా తాగనివ్వకుండా అట్ట తెచ్చి చూపించింది. "నాన్నా, ట్యాంకు–నెమలి 3 తీసెయ్. ట్యాంకు–చిలక 4 పెట్టు. ట్యాంకు, చిలక, నెమలి, తామర, మామిడి, హంస, మళ్ళీ ట్యాంకు. అందరూ రింగు మీదే ఉన్నారు." కలిపి చూశాను. 4, 2, 5, 2, 3, 8. మొత్తం 24. 23 మీద ఒక్క కిలోమీటరే ఎక్కువ. తీసేసింది మాత్రం, చెట్టు లెక్కలో ఏ పద్ధతిలో చేసినా తప్పకుండా వచ్చిన ముక్క.

ఇది సైటులో చాలా పెద్ద సంగతి. డబ్బు ఒకేసారి రాదు కాబట్టి పని దశల వారీగా జరుగుతుంది. మొదటి దశలో 15 కిలోమీటర్ల చెట్టు వేసేసి, తర్వాత అందరినీ రింగు మీదకు తేవాలంటే ట్యాంకు–చిలక 4, ట్యాంకు–హంస 8 రెండూ వేయాలి. మొత్తం 27 అవుతుంది. అదే మొదటి దశలోనే 3 బదులు 4 వేసుకుంటే ఇప్పుడు 16, తర్వాత 8, మొత్తం 24. ఇవాళ ఒక కిలోమీటరు ఎక్కువ పెడితే రేపు మూడు మిగులుతాయి. పైపు సైజులు కూడా రింగుకు తగ్గట్టు మొదట్లోనే ఎంచుకోవాలి. ట్యాంకు దగ్గర హంస వైపుకి ఒక టీ జాయింటు, ఒక వాల్వు పెట్టి, చివరకు మూత బిగించి వదిలేస్తాం. రెండో దశ వచ్చినప్పుడు సరఫరా ఆపకుండా ఆ మూత విప్పి లైను కలుపుకోవచ్చు.

అయితే ఆ రెండో దశ వచ్చేదాకా హంస ఎంత దూరంలో ఉంటుందో అమ్మాయి చార్టు కింద రాసింది. ట్యాంకు నుంచి చిలక, నెమలి, తామర, మామిడి మీదుగా 16 కిలోమీటర్లు. చెట్టులో 13 ఉండేది. రింగు పూర్తయితే 8. చార్టు మీద మూడు బొమ్మలూ ఉంచింది, ప్రతి దాని పక్కనా మొత్తం పైపు, హంస దూరం. ఏది కట్టాలి అన్న గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. టీచరు గారు అడిగితే, ఆ మూత ఎన్నేళ్ళకు విప్పుతారో చెబితే నింపుతానందట.